విరాళ సేకరణ పేజీకి శీర్షిక, వివరణ: ఉద్దానం డయాలసిస్ రోగుల ఉదాహరణతో తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్న స్వచ్ఛంద సంస్థల విరాళాల పేజీలు రాసిపెట్టే పనిలో నన్ను మళ్లీ మళ్లీ అడిగే సందేహాలను ఇక్కడ ఒకచోట చేర్చాను. ఉదాహరణలన్నీ ఒకే పని చుట్టూ తిరుగుతాయి: శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో డయాలసిస్‌కు వెళ్లి వచ్చే పేద కిడ్నీ రోగుల ప్రయాణ ఖర్చు భరించే ఒక చిన్న సొసైటీ. సొసైటీ, దాని అంకెలు నమూనా కోసం అనుకున్నవి. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## రాయడం మొదలుపెట్టే ముందు

శీర్షిక, వివరణ అంటే పేజీ పైన పెద్ద అక్షరాల్లో కనిపించేవేనా?

కావు. పేజీ తెరిచాక పైన కనిపించేది పేజీలోని శీర్షిక. ఇక్కడ మాట్లాడుకునేది పేజీ తెరవకముందే, గూగుల్ ఫలితాల్లో నీలం అక్షరాలతో కనిపించే వరుస గురించీ, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే రెండు మూడు వరుసల గురించీ. పేజీ కోడ్‌లో అవి ఇలా ఉంటాయి:

```html
<title>ఉద్దానం డయాలసిస్ రోగుల ప్రయాణ ఖర్చుకు విరాళం | సంస్థ పేరు</title>
<meta name="description" content="ఇక్కడ వివరణ">
```

వర్డ్‌ప్రెస్ వంటి వాటిలో తగిన ప్లగిన్ చేర్చుకుంటే ఈ రెంటికీ వేరుగా గళ్లు ఉంటాయి. వాటిని ఖాళీగా వదిలేస్తే చాలా సైట్లలో "హోమ్" అనో "డొనేట్" అనో ఒక్క మాట మిగిలిపోతుంది. ఆ మాట చూసిన దాతకు ఎవరికి, దేనికి ఇవ్వాలో తెలియదు.

మా పని గురించి జనం ఏ మాటలతో వెతుకుతారో ఎలా తెలుసుకోవాలి?

ముందుగా ఫోన్ తీసి గూగుల్‌లో "ఉద్దానం" అని కొట్టి ఆగండి. కింద వచ్చే సూచనలు జనం నిజంగా వెతికిన మాటలు. అదే పదాన్ని `uddanam kidney` అని ఇంగ్లీషు అక్షరాల్లో కూడా కొట్టి చూడండి, ఎందుకంటే తెలుగువాళ్లలో చాలామంది తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లోనే వెతుకుతారు. ఆ తర్వాత మీకు ఇప్పటికే విరాళం ఇచ్చిన నలుగురైదుగురికి ఫోన్ చేసి, "ఈ సమస్య గురించి మీ ఇంట్లోవాళ్లకు చెప్పాలంటే ఏమని చెబుతారు?" అని అడగండి. సంస్థ పత్రాల్లో మనం "దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధిగ్రస్తులు" అని రాసుకుంటాం. దాతలు "ఉద్దానం కిడ్నీ పేషెంట్లు" అంటారు. శీర్షికలోకి రావలసింది ఈ రెండో మాట.

ఒకే మాటకు రెండు వర్ణక్రమాలు ఉండటం కూడా గమనించాలి. "ఉద్దానం" అని రాసేవారు ఉన్నారు, "ఉద్ధానం" అని రాసేవారూ ఉన్నారు. "డయాలసిస్", "డయాలిసిస్" సంగతీ అంతే. శీర్షికలో ఒక రూపమే ఉంచి, రెండోది పేజీ లోపలి వాక్యాల్లో సహజంగా వచ్చేచోట ఒకసారి వాడితే సరిపోతుంది. నాలుగు రూపాలనూ శీర్షికలో గుచ్చితే చదివేవారికి అది నకిలీ పేజీలా కనిపిస్తుంది.

ఈ విషయంలో ఒక పొరపాటు నా కళ్లముందే జరిగింది. ఒక పేజీకి "ఉద్దానం కిడ్నీ విరాళం" అని శీర్షిక పెట్టారు. వారి ఉద్దేశం డబ్బు విరాళం. చదివినవారికి మాత్రం అది అవయవదానంలా తోచింది. కిడ్నీ ఇవ్వాలనుకునేవారు, కిడ్నీ కావలసినవారు, ఆఖరికి డబ్బుకు కిడ్నీ అమ్ముతామనే వారు కూడా ఫోన్లు చేశారు. "కిడ్నీ రోగుల కోసం విరాళం" అని రాసి ఉంటే ఈ తికమక వచ్చేది కాదు. పక్కపక్కన పెట్టిన రెండు మాటలు కలిసి మూడో అర్థం ఇస్తున్నాయేమో పైకి చదివి చూసుకోవాలి.

"డయాలసిస్ సాయం" అని పెడితే దాతల కంటే రోగుల కుటుంబాలే ఎక్కువగా ఫోన్ చేస్తున్నాయి. తప్పెక్కడుంది?

"సాయం" అనే మాటలోనే ఉంది. సాయం కావలసినవారూ, చేయదలచినవారూ అదే మాటతో వెతుకుతారు. నిజానికి అవసరంలో ఉన్నవారే ఆ మాటతో ఎక్కువగా వెతుకుతారు. వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రికి తిరిగే ఇంటివాళ్లకు ఆ వెతుకులాట ప్రాణావసరం. కాబట్టి దాతల పేజీ శీర్షికలో "విరాళం", "ప్రయాణ ఖర్చు భరించండి" వంటి ఇచ్చేవైపు మాటలు ఉండాలి.

రోగులకు వేరే పేజీ పెట్టండి. దాని శీర్షిక "ఉద్దానం డయాలసిస్ రోగులకు ఉచిత ఆటో సౌకర్యం: ఎవరు అర్హులు, ఎవరిని సంప్రదించాలి" అన్నట్లుగా ఉండవచ్చు. ఆ పేజీలో విరాళం బటన్ పెట్టవద్దు. సాయం అడగడానికి వచ్చిన మనిషికి ముందుగా డబ్బు అడిగే బటన్ కనబడటం చాలా బాధ కలిగిస్తుంది. అయితే ఈ రెండో పేజీ దాతలకూ పనికొస్తుంది. రోగులకు అర్హతలు, ఫోన్ సమయాలు స్పష్టంగా చెప్పిన సంస్థ నిజంగా పనిచేస్తోందని దాత గ్రహిస్తాడు.

డయాలసిస్ ప్రభుత్వమే ఉచితంగా చేస్తోంది కదా, మీకు డబ్బెందుకు అని దాతలు అడిగితే?

ఆ ప్రశ్నకు జవాబు శీర్షికలోనే ఉండాలి. 2016లో ప్రకటించిన ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో పేదలకు డయాలసిస్ ఉచితం. ఈ సంగతి తెలిసిన దాతకు "డయాలసిస్ కోసం విరాళం ఇవ్వండి" అనే శీర్షిక అనుమానం పుట్టిస్తుంది. ఆ అనుమానం న్యాయమైనదే.

యంత్రం మీద పడుకునే నాలుగు గంటలకు రోగి డబ్బు కట్టకపోవచ్చు. కానీ ఊరి నుంచి ఆసుపత్రికి వెళ్లి రావడానికి ఆటో కావాలి, ఒంటరిగా రాలేడు గనుక తోడు ఒక మనిషి రావాలి, ఆ రోజు ఆ మనిషి కూలి పోతుంది. డయాలసిస్ అయ్యాక నీరసంతో, ఒక్కోసారి రక్తపోటు పడిపోయి, బస్సులో నిలబడి వచ్చే స్థితి ఉండదు. ఈ ఖర్చును భరించలేక వారానికి ఒక విడత మానేసేవారు ఉంటారు. మీ సంస్థ పూడ్చేది ఈ ఖాళీని అయితే శీర్షికలో "డయాలసిస్ రోగుల ప్రయాణ ఖర్చుకు" అని రాయండి. ఆ ఒక్క మాటతో ప్రభుత్వం ఇచ్చేదేదో మీరు ఇచ్చేదేదో దాతకు తేడా తెలుస్తుంది.

## శీర్షిక రాసేటప్పుడు

శీర్షికలో తప్పనిసరిగా ఏమేం ఉండాలి?

నాలుగు సంగతులు ఉంటే చాలు: ఎక్కడ, ఎవరికి, దేనికి, ఎవరు అడుగుతున్నారు. "ఉద్దానం డయాలసిస్ రోగుల ప్రయాణ ఖర్చుకు విరాళం | సంస్థ పేరు" అనే శీర్షికలో ఈ నాలుగూ వరుసగా ఉన్నాయి. ఊరి పేరు ముందుండటానికి కారణం ఉంది. కవిటి నుంచో సోంపేట నుంచో హైదరాబాదుకు, విశాఖకు, గల్ఫ్‌కు వెళ్లిన మనిషి తన ప్రాంతం పేరు చూడగానే ఆగుతాడు. సంస్థ పేరు చివర ఉంటే, మీ పేరు తెలియనివారికి ముందు పని కనబడుతుంది, తెలిసినవారికి పేరూ దొరుకుతుంది.

వ్యాధికి కారణం మాత్రం శీర్షికలో రాయవద్దు. ఉద్దానంలో కిడ్నీ వ్యాధి ఇంతగా ఎందుకు వస్తోందన్న దానిపై నీరు, ఎండలో శ్రమ, పురుగుమందులు, ఇంకా పలు కారణాల మీద పరిశోధనలు జరిగాయి గానీ ఒకే కారణం తేలలేదు. "విషపు నీటి బాధితులకు విరాళం" అని రాస్తే వినడానికి బలంగా ఉంటుంది, కానీ విషయం తెలిసిన వైద్యుడో విలేకరో ఆ పేజీని చూసిన క్షణాన మీ మిగతా మాటలన్నిటి మీదా నమ్మకం పోతుంది.

శీర్షిక ఎన్ని అక్షరాలు ఉండాలి?

గూగుల్ ఇంత పొడవే ఉండాలని పరిమితి పెట్టలేదు. తెర వెడల్పుకు సరిపడినంత చూపి మిగతాది కత్తిరిస్తుంది. ఇంగ్లీషులో యాభై అరవై అక్షరాలని చెప్పే లెక్క తెలుగుకు సరిగ్గా నప్పదు, ఎందుకంటే మన అక్షరాలు వెడల్పుగా ఉంటాయి, ఒత్తులూ గుణింతాలూ కంప్యూటర్ లెక్కలో వేర్వేరు గుర్తులుగా పడతాయి. అందుకని లెక్కపెట్టడం మానేసి, ముఖ్యమైన మూడు నాలుగు మాటలు ముందే ఉన్నాయా అని చూసుకోండి. పేజీ పెట్టాక మామూలు ఫోన్‌లో వెతికి, ఎక్కడ తెగిందో చూడండి. "సంస్థ పేరు" దగ్గర తెగితే నష్టం తక్కువ. "ప్రయాణ" దగ్గర తెగితే మాటల వరుస మార్చాలి.

తెలుగులో రాయాలా, ఇంగ్లీషులో రాయాలా?

పేజీ ఏ భాషలో ఉంటే శీర్షికా ఆ భాషలోనే, ఆ లిపిలోనే ఉండాలి. పేజీ అంతా తెలుగులో ఉండి శీర్షిక ఇంగ్లీషులో ఉంటే, గూగుల్ ఆ శీర్షికను పక్కనపెట్టి పేజీలోంచి మరో వాక్యాన్ని తీసుకుని చూపే అవకాశం ఉంది. ఇద్దరినీ చేరుకోవాలంటే రెండు పేజీలు పెట్టి, ఒకదానికొకటి అనువాదమని కోడ్‌లో చెప్పడం సరైన పద్ధతి:

```html
<link rel="alternate" hreflang="te" href="https://example.org/te/dialysis">
<link rel="alternate" hreflang="en" href="https://example.org/en/dialysis">
```

ఈ రెండు వరుసలూ రెండు పేజీల్లోనూ ఉండాలి. ఒక్క పేజీకే శక్తి ఉంటే, మీ దాతలు ఎక్కువగా ఏ భాషలో ఉత్తరాలు, మెసేజీలు రాస్తారో ఆ భాషను ఎంచుకోండి.

"అత్యవసరం", "దయచేసి ఆదుకోండి", "ప్రాణం నిలబెట్టండి" అని పెడితే జనం ఎక్కువగా స్పందిస్తారు కదా?

ఒకరోజు స్పందిస్తారు. డయాలసిస్ మాత్రం ఏళ్ల తరబడి సాగే అవసరం. ఆరు నెలల తర్వాత అదే పేజీ ఇంకా "అత్యవసరం" అని ఉంటే ముందు నమ్మినవారే వెనక్కి తగ్గుతారు. పైగా "అత్యవసరం", "ఆదుకోండి" అనే మాటల్లో రోగమూ లేదు, ఊరూ లేదు. వెతికేవారు ఆ మాటలతో వెతకరు. వాట్సాప్‌లో తిరిగే దొంగ అభ్యర్థనలు కూడా సరిగ్గా ఇవే మాటలతో మొదలవుతాయి కనుక మీ నిజమైన పేజీ వాటి వరుసలో చేరిపోతుంది. ఆ చోటును "వారానికి రెండు ప్రయాణాలు" వంటి నిజానికి వాడుకోండి. రోగి పరిస్థితి తీవ్రత ఆ మాటలోనే తెలుస్తుంది.

రోగి పేరు, ఫోటో పెడితే నమ్మకం పెరుగుతుంది కదా?

పెరగవచ్చు, కానీ శీర్షికలోకి వెళ్లిన పేరు ఇంటర్నెట్‌లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. రేపు ఆ రోగి కూతురి పెళ్లి సంబంధం చూసేవారు ఇంటిపేరు కొట్టి వెతికితే మీ విరాళాల పేజీ ముందు వస్తుంది. ఇది ఊహించి చెప్పడం లేదు. ఒక కుటుంబం ఇదే కారణంతో పేజీ తీసేయమని ఏడ్చిన సంగతి నాకు తెలుసు. పేజీ తీసేశాక కూడా కొన్నాళ్లపాటు ఫలితాల్లో ఆ పేరు కనబడుతూనే ఉంది.

రోగి కథ చెప్పాలనుకుంటే పేజీ లోపల, పేరు మార్చి, అతని భాషలో రాసిన సమ్మతి పత్రం తీసుకుని చెప్పండి. పేరు మార్చామని అక్కడే రాయండి. బాలల సంరక్షణ గృహాల్లోని పిల్లల విషయంలోనైతే ఇది మర్యాదకు మించిన సంగతి. 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని నిషేధించింది.

## వివరణ రాసేటప్పుడు

వివరణ బాగా రాస్తే గూగుల్‌లో పైకి వస్తామా?

రారు. వివరణలోని మాటలను గూగుల్ స్థానం నిర్ణయించడానికి వాడుకోదు. అన్నిసార్లూ మీరు రాసిన వివరణనే చూపదు కూడా. వెతికిన మాటకు పేజీలోని వేరే వాక్యం బాగా సరిపోతుందనుకుంటే దాన్ని చూపుతుంది. అయినా వివరణ రాయాలి. ఎందుకంటే నాలుగు ఫలితాలు పక్కపక్కన ఉన్నప్పుడు ఏది నొక్కాలో మనిషి నిర్ణయించుకునేది ఆ రెండు వరుసలు చదివే. "కీవర్డ్స్" అనే మరో గడి మీ సైట్‌లో ఉంటే దాని మీద సమయం పెట్టవద్దు. దాన్ని వాడుకోవడం లేదని గూగుల్ 2009లోనే చెప్పింది.

నమ్మకం కలిగించే వివరణ ఎలా ఉంటుంది? ఒక ఉదాహరణ ఇవ్వగలరా?

ముందు సాధారణంగా కనిపించే వివరణ చూడండి: "మా సంస్థ పేదల సేవకు అంకితమై నిస్వార్థంగా కృషి చేస్తోంది. మీ చిన్న సాయం ఒక జీవితంలో వెలుగు నింపుతుంది. ఇప్పుడే విరాళం ఇవ్వండి." ఇందులో అబద్ధం లేకపోవచ్చు. కానీ ఈ వాక్యాలను అనాథాశ్రమానికో గోశాలకో యథాతథంగా పెట్టవచ్చు. దాత పట్టుకుని సరిచూసుకోగల సంగతి ఒక్కటీ లేదు.

దాన్ని ఇలా మార్చాం:

"కవిటి మండలంలో వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్లే 40 మంది పేద రోగుల ఆటో ఖర్చు భరిస్తున్నాం. ఒక రానుపోను ప్రయాణానికి ₹300. విరాళం సంస్థ ఖాతాకే. రసీదు, నెలవారీ లెక్క ఈ పేజీలోనే."

మొదటి వాక్యమే పని మొత్తాన్ని చెబుతుంది, ఎందుకంటే ఫోన్‌లో తరువాతి వాక్యాలు తెగిపోవచ్చు. రెండోది డబ్బుకూ పనికీ మధ్య లెక్క కలుపుతుంది. మూడోది డబ్బు ఎక్కడికి వెళ్తుందో చెబుతుంది. చివరిది ఇచ్చాక ఏం జరుగుతుందో చెబుతుంది. వీటిలో ప్రతి మాటకూ పేజీ లోపల ఆధారం ఉండాలి. "నెలవారీ లెక్క ఈ పేజీలోనే" అని రాసి, పేజీలో నిరుటి లెక్క మాత్రమే ఉంటే ఆ వాక్యం లేకపోవడమే మేలు. ఆడిటర్ సంతకం కావలసిన పెద్ద నివేదిక అక్కర్లేదు. ఈ నెల ఎన్ని ప్రయాణాలు, ఎంత ఖర్చు, ఎంత మిగిలింది అని మూడు వరుసలు రాసినా ఆ మాట నిలబడుతుంది.

"₹300తో ఒక ప్రయాణం" వంటి అంకె ఎలా కట్టాలి? ధర మారితే?

గత మూడు నెలల్లో ఆటోలకు నిజంగా చెల్లించిన మొత్తాన్ని, జరిగిన ప్రయాణాలతో భాగించండి. నమూనా లెక్కలో ఒక ప్రయాణానికి ₹300 పడిందనుకుందాం. వారానికి రెండు చొప్పున ఏడాదికి 104 ప్రయాణాలు, అంటే నెలకు సగటున 8.67. ఒక రోగికి నెలకు ₹2,600 అవుతుంది, 40 మందికి ₹1,04,000. నెలకు నాలుగు వారాలే అనుకుని ఎనిమిది ప్రయాణాలతో లెక్క కడితే ఒక్కో రోగికి నెలకు ₹200 తగ్గి వస్తుంది, ఏడాది చివర సంస్థకు దాదాపు ₹96,000 లోటు పడుతుంది. ఈ తప్పు చాలా చోట్ల చూశాను.

ఆటో బాడుగతో పాటు లెక్కలు చూసే మనిషి జీతం వంటి ఖర్చు కూడా విరాళంలోంచే తీస్తుంటే, ఆ సంగతి పేజీలో రాసి, అంకెలో కలపండి. విరాళంలో ప్రతి పైసా రోగికే చేరుతుందని వివరణలో రాస్తే అది అక్షరాలా నిజమై ఉండాలి. చెల్లింపు గేట్‌వే రుసుము కోసుకున్నా ఆ వాక్యం తప్పవుతుంది. అంకె పక్కన అది ఏ నెల నాటి లెక్కో పేజీలో వేయండి. డీజిల్ ధర పెరిగి సగటు మారినప్పుడు వివరణలోనూ పేజీలోనూ ఒకే రోజున మార్చండి.

వెబ్ పేజీలో మా పేరు ఒకటి, యూపీఐలో కనిపించే పేరు మరొకటి. ఇబ్బందా?

పెద్ద ఇబ్బందే. దాత క్యూఆర్ కోడ్ స్కాన్ చేయగానే ఖాతాదారు పేరు తెర మీద కనబడుతుంది. శీర్షికలో సంస్థ పేరు చదివి వచ్చిన మనిషికి అక్కడ ఒక వ్యక్తి పేరు కనబడితే అక్కడే ఆగిపోతాడు, ఆగిపోవాలి కూడా. సంస్థ పేరిట ఖాతా లేకపోతే, అది తెరిచేదాకా విరాళాల పేజీ పెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం. నమోదైన పేరు పొడవుగా ఉండి, ఊళ్లో అందరూ చిన్న పేరుతో పిలుస్తుంటే శీర్షికలో చిన్న పేరు వాడండి. క్యూఆర్ కోడ్ పక్కనే "స్కాన్ చేసినప్పుడు మీకు ఈ పేరు కనిపిస్తుంది" అని రాసి, పూర్తి పేరును బ్యాంకులో ఉన్నట్లే అక్షరం పొల్లుపోకుండా ఇవ్వండి.

## పన్ను, విదేశాల నుంచి వచ్చే విరాళాలు

"విరాళానికి 50 శాతం పన్ను మినహాయింపు" అని వివరణలో రాయవచ్చా?

అలా రాస్తే దాత తప్పుగా అర్థం చేసుకుంటాడు. ఆదాయపు పన్ను చట్టంలోని 80జి సెక్షన్ కింద సాధారణ సంస్థకు ₹10,000 ఇచ్చిన మనిషి పన్నులో ₹5,000 తగ్గదు. అతని పన్ను లెక్కించే ఆదాయంలోంచి ₹5,000 తగ్గుతుంది. 20 శాతం శ్లాబులో ఉంటే అతనికి మిగిలేది ₹1,000, సెస్‌తో కలిపి ₹1,040. అదీ పాత పన్ను విధానంలో ఉన్నవారికే, ఆదాయంలో పదిశాతమనే పరిమితికి లోబడే. ₹2,000కు మించి నగదుగా ఇస్తే అసలు వర్తించదు.

కాబట్టి వివరణలో "80జి రసీదు ఇస్తాం" అని ఆపేసి, మిగతా షరతులను పేజీలో రాయండి. 80జి అనే మాటతోనే చాలామంది వెతుకుతారు కనుక ఆ మాట ఉండటం మేలే. 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా ఉన్న 2025 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల సంఖ్యలు వేరు. రసీదు మీద ఏ సంఖ్య ఉండాలో ఆడిటర్‌ను అడిగి, పేజీలో జనానికి అలవాటైన పాత సంఖ్యను కూడా చెప్పండి. 80జి అనుమతికి గడువు ఉంటుంది. అది ముగిసిన రోజున వివరణలోంచి ఆ మాట తీసేయాలి. సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపునిచ్చే 12ఏ నమోదు ఉన్నంత మాత్రాన 80జి ఉన్నట్లు కాదని కూడా గుర్తుంచుకోవాలి.

అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు కూడా ఇవ్వవచ్చని రాయవచ్చా?

మీకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ, కింద నమోదు ఉందా లేదా అన్న దాన్ని బట్టి ఉంటుంది. నమోదు గానీ ప్రభుత్వ ముందస్తు అనుమతి గానీ లేని సంస్థ విదేశీ పౌరుల నుంచి విరాళం తీసుకోకూడదు. గల్ఫ్‌లో పనిచేస్తూ భారత పాస్‌పోర్టు ఉన్న మనిషి తన సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపిన డబ్బు విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మనిషి, ఓసీఐ కార్డు ఉన్నా, పుట్టింది ఇచ్ఛాపురంలోనే అయినా, విదేశీ దాతే అవుతాడు. ఇద్దరినీ "ఎన్నారైలు" అనే ఒక్క మాటతో పిలవడం మనకు అలవాటు కావడం వల్లే చిక్కు వస్తుంది.

నమోదు లేకపోతే "విరాళాలు భారత పౌరుల నుంచి మాత్రమే" అని పేజీలో, చెల్లింపు బటన్ పైనే రాయండి. నమోదు ఉంటే, ఆ డబ్బు న్యూఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాకే రావాలి కనుక విదేశీ దాతలకు వేరే పేజీ, వేరే శీర్షిక పెట్టడం మంచిది.

## పేజీ పెట్టాక

గూగుల్ మేం రాసిన శీర్షిక కాకుండా వేరేది చూపిస్తోంది. ఎందుకు?

సాధారణంగా కారణం మన వైపే ఉంటుంది. సైట్‌లోని పేజీలన్నిటికీ ఒకే శీర్షిక ఉండటం, శీర్షికలో పాత సంవత్సరం ఉండి పేజీలో కొత్తది ఉండటం, శీర్షిక సగం ఖాళీగా "| సంస్థ పేరు" అని మొదలవడం, పేజీలోని పెద్ద అక్షరాల శీర్షిక వేరే సంగతి చెప్పడం ఎక్కువగా కనిపించే కారణాలు. అప్పుడు గూగుల్ పేజీలోని శీర్షికనో, ఇతరులు మీకు లింకు ఇచ్చినప్పుడు వాడిన మాటలనో తీసుకుంటుంది. పేజీలోని పెద్ద శీర్షికనూ కోడ్‌లోని శీర్షికనూ ఒకే అర్థంతో, దాదాపు అవే మాటలతో రాస్తే చాలావరకు సర్దుకుంటుంది. గూగుల్ పెట్టిన మాటే మీ మాట కంటే స్పష్టంగా ఉంటే దాన్నే తీసుకోవడంలో తప్పు లేదు.

వాట్సాప్‌లో లింకు పంపితే శీర్షిక రావడం లేదు, లేదా పాతది వస్తోంది. ఏం చేయాలి?

వాట్సాప్ ముందుగా చూసేది వేరే ట్యాగులను:

```html
<meta property="og:title" content="ఉద్దానం డయాలసిస్ రోగుల ప్రయాణ ఖర్చుకు విరాళం">
<meta property="og:description" content="ఒక రానుపోను ప్రయాణానికి ₹300. విరాళం సంస్థ ఖాతాకే.">
```

ఇవి పేజీ అసలు కోడ్‌లోనే ఉండాలి. పేజీ తెరిచాక జావాస్క్రిప్ట్‌తో చేర్చేవాటిని వాట్సాప్ చూడదు. పాత శీర్షిక వస్తోందంటే అది ముందు దాచుకున్న ప్రతి. లింకు చివర `?v=2` అని చేర్చి పంపితే కొత్తగా తెచ్చుకుంటుంది. మనవాళ్లలో విరాళాలు ఎక్కువగా కదిలేది కుటుంబ గ్రూపుల్లోనే కాబట్టి ప్రచారం మొదలయ్యే ముందు రోజున ఒక ఆండ్రాయిడ్ ఫోన్‌లో, ఒక ఐఫోన్‌లో పంపి చూసుకోండి.

ప్రచారం నెల రోజులే. గూగుల్‌లో కనబడేలోపే ముగిసిపోతుంది కదా?

అందుకే ప్రతి ప్రచారానికీ కొత్త చిరునామా పెట్టవద్దు. కొత్త పేజీని గూగుల్ గుర్తించడానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల దాకా పట్టవచ్చు, తగిన స్థానం రావడానికి ఇంకా ఎక్కువ సమయం కావాలి. `/dialysis` అనే ఒక శాశ్వత పేజీ ఉంచి, సంక్రాంతి ప్రచారమైనా ఆర్థిక సంవత్సరం చివరి ప్రచారమైనా దానిలోనే లక్ష్యాన్ని, తేదీని మార్చండి. శీర్షికలో తేదీ పెట్టవద్దు. ప్రచారం ముగిసినప్పుడు పేజీని తొలగించకుండా, ఎంత వచ్చింది, ఎన్ని ప్రయాణాలు జరిగాయి అని రాసి ఉంచండి. మరుసటి ఏడాది వచ్చే దాత ముందుగా చదివేది ఆ వరుసలే.

మార్చిన శీర్షిక పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో ఆ పేజీని ఎంచుకుని, జనం ఏ మాటలతో వెతికినప్పుడు కనబడింది, ఎన్నిసార్లు కనబడింది, ఎన్నిసార్లు నొక్కారు అన్నవి చూడండి. ఇది ఉచితం. 16 నెలల లెక్క ఉంచుతుంది. చాలా తక్కువమంది వెతికిన మాటలను వ్యక్తుల గోప్యత కోసం చూపదు కాబట్టి చిన్న సంస్థకు జాబితా ఖాళీగా కనిపించినా కంగారు పడవద్దు.

శీర్షిక మార్చిన తేదీ ఒక పుస్తకంలో రాసుకుని, కనీసం నాలుగైదు వారాలు వేరే ఏదీ మార్చకుండా ఆగండి. ఎక్కువసార్లు కనబడుతూ ఎవరూ నొక్కకపోతే శీర్షికలో స్పష్టత లేదు. నొక్కుతూ విరాళం ఇవ్వకుండా వెళ్లిపోతుంటే, శీర్షిక చెప్పిన సంగతి పేజీ తెరవగానే కనబడటం లేదన్నమాట. "కిడ్నీ దాత కావాలి" వంటి మాటలతో వస్తుంటే వచ్చేవారు వేరే అవసరంతో వస్తున్నారు. ఆ మాటలు పేజీలో ఎక్కడున్నాయో చూసి, వారికి పేజీ పైభాగంలోనే ఒక వాక్యంలో దారి చెప్పండి: అవయవదానం, మార్పిడి వివరాలకు ప్రభుత్వ జీవన్‌దాన్ కార్యక్రమాన్ని సంప్రదించాలని.